టెంకాయ చిప్పలు బూడిద కాకుండా బొగ్గు కావాలంటే: సగం డ్రమ్ము పద్ధతి

"అన్నా, గుడి దగ్గర మూటలకొద్దీ చిప్పలు పోగవుతున్నాయి. కాలిస్తే చారెడు బూడిద తప్ప ఏమీ మిగలడం లేదు. బొగ్గు ఎట్లా వస్తుంది?" ఈ ప్రశ్న నాకు శ్రావణ మాసంలో మొదలై కార్తీకం దాకా వస్తూనే ఉంటుంది. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, అందుకే రాసిపెడుతున్నా. ఇది కడప దగ్గర మా ఊరి గుడి చిప్పలతో నేను చేసే పద్ధతి. ఇస్త్రీ బండికో, టిఫిన్ హోటల్ పొయ్యికో సరిపడా బొగ్గు వస్తుంది. ఫ్యాక్టరీ పెట్టే ఆలోచన ఉంటే ఇది చాలదు.

ముందు ఒక్క సంగతి. చిప్ప కాలేటప్పుడు మొదట దాంట్లోంచి ఆవిరి, పొగ బయటికొస్తాయి. పైన కనిపించే పసుపు మంట ఆ పొగ మండుతున్న మంటే. పొగంతా పోయాక మిగిలేది బొగ్గు. ఆ బొగ్గుకు గాలి తగిలితే అది కూడా కాలి బూడిదవుతుంది. కాబట్టి పొగ మొత్తం మండిపోవాలి, బొగ్గుకు మాత్రం గాలి తగలకూడదు. పైన మంట బాగా ఉన్నంతసేపూ వచ్చే గాలిని ఆ మంటే వాడేసుకుంటుంది, కింది బొగ్గు దాకా చేరనివ్వదు. మనం చేయాల్సిందల్లా ఆ మంటను ఆరనివ్వకుండా పొరలు పొరలుగా చిప్పలు వేస్తూ పోవడమే.

కావలసినవి

200 లీటర్ల ఇనప డ్రమ్ము ఒకటి, మూతి మూసి ఉన్న రకం. దాన్ని అడ్డంగా సగానికి కోయిస్తే రెండు తొట్లు వస్తాయి. ఒక్కోటి సుమారు 44 సెంటీమీటర్ల లోతు, 57 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. లోతు కన్నా వెడల్పు ఎక్కువ ఉండటమే ఇందులో కీలకం. కోయని పూర్తి డ్రమ్ములో చేస్తే అడుగున మంటకు గాలి అందక మొదటి అరగంట ఊరంతా పొగ పెడతారు. తొట్టికి అడుగున, పక్కన ఎక్కడా రంధ్రాలు అక్కర్లేదు. బిరడాలు ఉన్న సగం మీకు వస్తే వాటిని గట్టిగా బిగించి, మీద మన్ను మెత్తండి.

వీటితోపాటు రెండున్నర అడుగుల చదరం మందపాటి ఇనప రేకు, రెండు గంపల బంకమన్ను, పొడుగు కర్ర ఉన్న పార, పొడవైన పట్టకారు, రెండు బిందెల నీళ్లు, ఒక గంపెడు ఇసుక దగ్గర పెట్టుకోండి. నూలు బట్టలు, తోలు చెప్పులు వేసుకోండి. నైలాన్ చొక్కాతో ఈ పని వద్దు, నిప్పురవ్వ పడితే ఒంటికి అంటుకుంటుంది.

డ్రమ్ము విషయంలో రెండు హెచ్చరికలు. పురుగుమందు, రసాయనాలు, పెయింటు పోసిన డ్రమ్ము ఎంత చవగ్గా వచ్చినా తీసుకోవద్దు. వంటనూనె డ్రమ్ము అన్నిటికన్నా మంచిది, ఇంజన్ ఆయిల్‌దైనా ఫర్వాలేదు. రెండోది కోత. ఖాళీగా కనిపించే డ్రమ్ములో నూనె ఆవిరి మిగిలి ఉంటుంది, దాని మీద గ్యాస్ కటర్ పెడితే పేలుతుంది. బిరడాలు తీసి, సబ్బునీళ్లతో కడిగి, కోసే గీతకు కొంచెం కింది దాకా నీళ్లు నింపి, ఉలీ సుత్తితో కోయించండి. వెల్డింగ్ షాపులో "మేం రోజూ కోసేదే కదా" అంటారు. అయినా నీళ్లు పోసే కోయమనండి. కోసిన అంచు కత్తిలా ఉంటుంది, సుత్తితో లోపలికి మడవండి. మొదటిసారి వట్టి కంపతో గంటసేపు మంట పెడితే పాత నూనె, పెయింటు కాలిపోతాయి. ఆ మంటలో బొగ్గు చేయొద్దు.

చోటు, వేళ

తొట్టిని వట్టి నేల మీద, నాలుగు వేళ్ల మందం ఇసుక పరిచి పెట్టండి. మన దగ్గర ఇంటి ముందంతా కడప బండలే కదా, చదునుగా ఉన్నాయని వాటి మీదే పెట్టేస్తారు. అది సున్నపురాయి. లోపల కాస్త తేమ ఉండి కింది నుంచి వేడి తగిలితే పెచ్చులు ఎగిరిపడతాయి. నాకు ఒకసారి అరచేయంత పెచ్చు మోకాలి పక్కనుంచి పోయింది. ఆ రోజు నుంచి బండ మీద పొయ్యి కూడా పెట్టను.

గడ్డివామికి, శనగ కట్టె వామికి కనీసం 50 అడుగుల దూరం ఉండాలి. చెట్టు కొమ్మల కింద వద్దు, మంట మనిషెత్తు లేస్తుంది. వేళ తెల్లవారుజామే. గాలి వీస్తే పైనున్న మంట ఒక పక్కకు వంగిపోతుంది, ఇంకో పక్క బొగ్గు బయటపడి బూడిదవుతుంది. అనంతపురం వైపు వాళ్లు జూన్ నుంచి ఆగస్టు దాకా ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు.

1. చిప్పలు ఏరండి, ఎండబెట్టండి

గుడి చిప్పల్లో కర్పూరం కవర్లు, అగరబత్తి పెట్టెలు, పూలదండల దారాలు కలిసి వస్తాయి. ప్లాస్టిక్ ముక్క ఒక్కటి కూడా లోపలికి పోకూడదు. పీచు వీలైనంత తీసేయండి, రాజేయడానికి పనికొస్తుంది. కొబ్బరి మిగిలి ఉంటే గీకండి. నూనె పట్టిన చిప్ప నల్లటి పొగ పెడుతుంది.

తర్వాత సుత్తితో అరచేయంత ముక్కలుగా కొట్టండి. ఇది బద్ధకించే పని, కానీ మానొద్దు. సగం చిప్పలు అట్లాగే వేస్తే గిన్నెలో గిన్నె ఇమిడినట్టు ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. మధ్యలోకి వేడి సరిగ్గా పోక లోపలి చిప్ప గోధుమరంగులోనే ఉండిపోతుంది. మరీ చిన్న ముక్కలు చేసినా తప్పే, సందులు మూసుకుపోయి పొగ లేస్తుంది.

ఎండాకాలంలో మూడు రోజుల ఎండ చాలు. కార్తీకంలో వానలుంటే వారం పైన పడుతుంది. రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కొట్టి చూడండి. ఎండితే టక్కుమంటుంది, తడి ఉంటే మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉంటే ఒక గంపను తూకం వేసి, మర్నాడు సాయంత్రం మళ్లీ వేయండి. బరువు ఇంకా తగ్గుతుంటే ఇంకా ఎండాలి.

ఎండాక మొత్తం చిప్పల్ని తూకం వేసి రాసుకోండి. చివర్లో బొగ్గు సరిగ్గా వచ్చిందో లేదో చెప్పేది ఈ అంకే.

2. అడుగున రాజేయండి

తొట్టి అడుగున పీచు, ఎండు కంప, చెరకు పిప్పి, ఏది దొరికితే అది జానెడు ఎత్తు వదులుగా వేసి, మీద రెండు మూడు కిలోల చిప్పలు పేర్చి అగ్గి పెట్టండి. కిరోసిన్, డీజిల్ పోయొద్దు. మంట అడుగంతా పరుచుకునే దాకా ఏమీ వేయొద్దు, 10 నిమిషాలు పడుతుంది. ఈ కాసేపు పొగ తప్పదు.

చాలామంది ఇక్కడే తొందరపడతారు. తొట్టి నిండా చిప్పలు పోసేసి కింద నుంచి అంటిస్తారు. మంట లేకుండా తెల్లటి పొగ గంటల తరబడి వస్తుంది. ఆ పొగ మండితే వేడి, మండకపోతే కళ్లు, ఊపిరితిత్తులు మండించే విషం. ఇంటి పక్కవాళ్లు గొడవకొచ్చేది కూడా అప్పుడే.

3. పొరలు వేయడం

అసలు పని ఇదే, ఫోన్‌లో చెప్తే అర్థం కానిది కూడా ఇదే. చిప్పల మీద మంట బాగా లేచి, పై ముక్కలు నల్లబడి, వాటి అంచుల మీద బూడిద పలచగా, విభూతి రాసినట్టు కనిపించడం మొదలవుతుంది. ఆ క్షణమే తర్వాతి పొర వేయాల్సిన సమయం. ఒక్కో పొరకు 4 కిలోల చిప్పలు చాలు, అంటే ఒక చిన్న గంప. పారతో చుట్టూ సమంగా చల్లండి. ఒక్క చోటే కుప్పపోయొద్దు.

పొర వేయగానే ఒక నిమిషం పొగ వచ్చి, మళ్లీ మంట అందుకోవాలి. రెండు నిమిషాలైనా పొగే వస్తోందంటే ఎక్కువ వేశారు, లేదా చిప్పలు తడిగా ఉన్నాయి. కర్రతో పై పొరను కాస్త కదిపి సందు ఇవ్వండి. కింది దాకా గుచ్చి తిప్పొద్దు, కింది బొగ్గుకు గాలి తగులుతుంది. మంట తగ్గి ఎర్రటి నిప్పుల మీద తెల్లగా బూడిద పేరుకుంటే ఆలస్యం చేశారు, వెంటనే పొర వేయండి.

మధ్యలో వదిలి కాఫీకి పోవద్దు. నేను ఒకసారి ఫోన్ వచ్చిందని పావుగంట పక్కకు పోయాను. వచ్చేసరికి పై పొరలు రెండూ మల్లెపువ్వులా తెల్లగా ఉన్నాయి, కిలోన్నర బొగ్గు ఆ పావుగంటలో పోయింది.

4. ఆఖరి పొర, మూత

తొట్టి ముప్పాతిక నిండాక ఆపండి. ఆఖరి పొర వేశాక 10 నుంచి 15 నిమిషాలు ఆగాలి. పొడుగాటి పసుపు మంటలు పడిపోయి, నిప్పుల మీద పొట్టి నీలి మంటలు ఆడుతుంటే చిప్పల్లో పొగ అయిపోయినట్టే. అప్పుడు మూయండి.

పసుపు మంట ఉండగానే మూస్తే పై పొర సగం కాలి ఆగిపోతుంది, సందుల్లోంచి చిక్కటి పొగ తన్నుకొస్తుంది. అట్లా మూసిన రేకును మళ్లీ ఎత్తితే ఆ పొగ భగ్గున మండి ముఖం మీదికొస్తుంది. పొరపాటున ముందే మూశారా, అట్లాగే వదిలేయండి. నాలుగు ముక్కలు సరిగ్గా కాలకపోతే పోనీ.

మూసే తీరు: తొట్టి అంచు చుట్టూ తడి బంకమన్ను రెండు వేళ్ల మందం పెట్టి, ఇద్దరు మనుషులు చెరో వైపు పట్టుకుని రేకును మీద వేయాలి. నాలుగు రాళ్లు బరువు పెట్టి, చుట్టూ మన్ను మెత్తాలి. 10 నిమిషాలయ్యాక ఒకసారి తిరిగి చూడండి. వేడికి మన్ను ఎండి బీటలేస్తుంది, అక్కడ సన్నటి పొగ దారంలా వస్తుంది. అక్కడ మళ్లీ మెత్తండి. అరగంటకు ఇంకోసారి. ఒక్క బీట వదిలేసినా రాత్రంతా లోపల బొగ్గు నెమ్మదిగా కాలుతూ ఉంటుంది. పొద్దున మూత తీస్తే ఒక పక్కంతా గుంట పడి బూడిద కనిపిస్తుంది.

5. చల్లారనివ్వండి

మర్నాడు పొద్దున దాకా తీయొద్దు. తీసే ముందు తొట్టి పక్కన అరచేయి ఆనించి చూడండి. వెచ్చగా ఉన్నా ఇంకో పూట ఆగండి. చల్లారని బొగ్గుకు గాలి తగిలితే చూస్తుండగానే ఎర్రబడుతుంది.

"నీళ్లు పోసి ఆర్పితే త్వరగా అయిపోతుంది కదా" అని అడుగుతారు. పొలానికి వేసే బొగ్గయితే పోయొచ్చు. ఇస్త్రీకి అమ్మేదయితే వద్దు. నీళ్లు తగిలిన బొగ్గు పగిలి పొడవుతుంది, మళ్లీ ఎండబెట్టాలి, రాజేస్తే చిటపటమని రవ్వలు ఎగురుతాయి. బట్టల మీద రవ్వ పడితే ఇస్త్రీ అతను మళ్లీ మీ గడప తొక్కడు. ఏదైనా ప్రమాదమై ఆర్పాల్సి వస్తే పక్కన నిలబడి దూరం నుంచి కొంచెం కొంచెంగా పోయండి, ఆవిరి ఒక్కసారిగా పైకి కొడుతుంది.

ఒక రోజు లెక్క

పోయిన కార్తీకంలో చేసింది చెప్తా. ఎండిన చిప్పలు 60 కిలోలు, అంటే దాదాపు 400 టెంకాయలవి. పొద్దున ఆరింటికి అగ్గి పెట్టాం. సుమారు 15 పొరలు పడ్డాయి, ఒక్కోదానికి 8 నుంచి 10 నిమిషాలు. ఎనిమిదిన్నర దాటాక మూత పడింది. మర్నాడు తీస్తే మంచి బొగ్గు 13 కిలోల 500 గ్రాములు, సగం కాలినవి కిలో పైచిలుకు. అంటే నూటికి 22 కిలోల లెక్క. సగం కాలిన వాటిని పారేయొద్దు, వచ్చేసారి ఆఖరి పొరలకన్నా ముందు పొరల్లో కలిపేయండి.

బొగ్గు సరిగ్గా అయిందా?

మొదట తూకం. ఈ పద్ధతిలో ఎండు చిప్పల బరువులో నూటికి 20 నుంచి 25 రావాలి. 18 కన్నా తక్కువ వస్తే పొరలు ఆలస్యంగా వేశారు, లేదా మూత దగ్గర గాలి లోపలికి పోయింది. 30 దాటితే సంబరపడొద్దు, బొగ్గు పూర్తిగా కాలేదు.

తర్వాత శబ్దం. ముక్కను సిమెంటు గచ్చు మీద వేస్తే గాజుపెంకులా ఖంగుమనాలి. విరిచి చూస్తే లోపల నల్లగా, మెరుస్తూ ఉండాలి. గోధుమరంగు కనిపించినా, చేతికి జిడ్డుగా అంటినా పచ్చిది. మసి అంటడం మామూలే, జిడ్డు మాత్రం అంటకూడదు.

చివరిది రాజేసి చూడటం. నాలుగు ముక్కలు ఆరుబయట నిప్పుల మీద పెట్టండి. కాసేపటికి పొగ, పసుపు మంట లేకుండా ఎర్రగా కణకణమంటే అది ఇస్త్రీ పెట్టెకు పనికొస్తుంది. పొగ వస్తే హోటల్ పొయ్యికి ఇవ్వండి, ఇస్త్రీకి వద్దు, బట్టలకు వాసన పడుతుంది.

మూట కట్టే ముందు

తాజా బొగ్గు గాలిని పీల్చుకుంటూ తనంతట తానే వేడెక్కుతుంది. తీసిన వెంటనే మూటకట్టి కొట్టంలో వేస్తే రాత్రికి రాత్రి అంటుకునే ప్రమాదం ఉంది. పలచగా నేల మీద పరిచి 24 గంటలు ఆరుబయట ఉంచి, అప్పుడు గోతాల్లో నింపండి. వాన, మంచు తగలనివ్వొద్దు. చలికాలంలో ఈ నిప్పుల కుంపటిని తలుపులు మూసిన గదిలో మాత్రం పెట్టుకోవద్దు. పొగ లేదు కదా అనిపిస్తుంది, కానీ దాంట్లోంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది.

మళ్లీ మళ్లీ అడిగే మూడు సంగతులు

వరి పొట్టు, చెరకు పిప్పి ఈ తొట్టిలో చేయొచ్చా? వద్దు. నంద్యాల వైపు మిల్లుల నుంచి పొట్టు తెచ్చి ప్రయత్నించిన వాళ్లున్నారు. పొట్టు మెత్తగా సర్దుకుపోతుంది, సందులుండవు. పైన మంట నిలవదు, లోపల కుములుతూ పొగ పెడుతుంది. పైగా పొట్టు బరువులో ఐదో వంతు దాకా బూడిదే. దాన్ని చుట్టూ బెజ్జాలున్న గొట్టం చుట్టూ కుప్పపోసి వేరే తీరులో నల్లబరుస్తారు, అది నర్సరీ మట్టిలో కలపడానికే తప్ప పొయ్యికి కాదు. పొట్టును పొట్టుగానే బాయిలర్‌కు, ఇటుక బట్టీకి ఇవ్వడం మేలు. చెరకు పిప్పి ఎండితే కాగితంలా భగ్గుమని మండిపోతుంది, బొగ్గు నిలవదు. బెల్లం పొయ్యి కింద దాని చోటు దానికుంది, ఈ పనిలో రాజేయడానికి వాడితే చాలు.

ఈ బొగ్గు నీళ్ల ఫిల్టర్‌కు పనికొస్తుందా? రాదు. ఫిల్టర్‌లో వేసేది కూడా టెంకాయ చిప్ప బొగ్గే, కానీ దాన్ని ఫ్యాక్టరీలో 800 డిగ్రీల పైన ఆవిరి పట్టించి లోపల సూక్ష్మరంధ్రాలు తెరిపిస్తారు. మన తొట్టిలో అది జరగదు.

అడుగున మిగిలిన పొడి ఏం చేయాలి? జల్లెడ పట్టి, మూడు నాలుగు వంతుల పశువుల ఎరువుతో కలిపి నెల రోజులు మాగబెట్టి మొక్కలకు వేయండి. వట్టి పొడిని వేస్తే కొన్నాళ్లు ఎరువును అదే పట్టేసుకుంటుంది. చౌడు నేలకు మాత్రం వద్దు. బూడిద కలిసిన పొడికి క్షారం ఎక్కువ, ఉన్న చౌడు ఇంకా పెరుగుతుంది. అలాంటి నేల ఉన్నవాళ్లు పొడిలో చిక్కటి గంజి కలిపి నిమ్మకాయంత ఉండలు చేసి నాలుగు రోజులు ఎండబెట్టండి. గట్టిపడ్డాక నీళ్లు కాచుకునే పొయ్యిలోకి వాడుకోవచ్చు. కాస్త బూడిద ఎక్కువ వస్తుంది, అంతే.